సాఫ్ట్‌వేర్ కొన్నాయన కంపెనీ వదిలేసి వెళ్ళిపోయాడు, అడ్మిన్ ఎవరో తెలీదు, రెన్యువల్ దగ్గరకొచ్చింది: తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్‌లో ఇరవై, ముప్పై మంది ఉండే ఆఫీసులకి అకౌంట్స్, ఐటీ పనులు రెండూ చూస్తుంటాను. మాదాపూర్ నుంచి ఉప్పల్ దాకా ఎక్కడికెళ్ళినా ఈ గొడవ ఒకటి ఉంటుంది, ఆపరేషన్స్ చూసే అబ్బాయో మార్కెటింగ్ అమ్మాయో ఏదో టూల్ కొంటారు, ఏడాది తిరక్కముందే వేరే ఉద్యోగంలో చేరిపోతారు, టూల్ మాత్రం కంపెనీ కార్డు మీద అలాగే నడుస్తూ ఉంటుంది. నన్ను ఎక్కువగా అడిగేవి ఇక్కడ రాస్తున్నా.

ముందు అడ్మిన్‌ని వెతకాలా, రెన్యువల్ ఆపాలా?

రెన్యువల్. దాదాపు అందరూ ఇక్కడే తప్పు చేస్తారు, లాగిన్ దొరికాక కాన్సిల్ చేద్దాంలే అని పాస్‌వర్డ్ వెనక పరిగెడతారు, అది దొరికేసరికి నోటీసు గడువు దాటిపోయి ఉంటుంది. ఇవి రెండూ వేర్వేరు పనులు. ఇంకో ఏడాది మాకొద్దు అని చెప్పడానికి చాలా కాంట్రాక్టుల్లో లాగిన్ అక్కర్లేదు, కంపెనీ తరఫున సంతకం పెట్టే అధికారం ఉన్న మనిషి రాతపూర్వకంగా చెప్తే సరిపోతుంది. అడ్మిన్ హక్కు మార్చమంటే మాత్రం వాళ్ళు సవాలక్ష రుజువులు అడుగుతారు, వారాలు పట్టొచ్చు. అందుకే నోటీసు ఇవాళే పంపండి, లాగిన్ సంగతి రేపు చూసుకోవచ్చు.

రెన్యువల్ తేదీ ఎక్కడ దొరుకుతుంది?

పాత ఇన్వాయిస్‌లో. అందులో "Service period" అనో "Billing period" అనో ఒక లైన్ ఉంటుంది, దాని ఆఖరి తేదీ చూడండి. ఇన్వాయిస్ దొరక్కపోతే ట్యాలీలో పోయిన ఏడాది ఆ లెడ్జర్ తీయండి, లేదా మీ ఆడిటర్‌ని అడగండి, ఇన్‌పుట్ క్రెడిట్ కోసం పీడీఎఫ్ ఆయన దగ్గరికి వెళ్ళే ఉంటుంది. అమ్మింది ఇండియా కంపెనీ అయి, కొన్నప్పుడు మీ జీఎస్టీ నంబర్ ఇచ్చి ఉంటే జీఎస్టీ పోర్టల్‌లో కనిపించే కొనుగోళ్ళ లిస్టు GSTR-2B లో వాళ్ళ పేరు, ఇన్వాయిస్ నంబర్, తేదీ అన్నీ కనిపిస్తాయి. బయటి దేశం కంపెనీ అయితే అందులో రాదు, కార్డు స్టేట్‌మెంట్ పట్టుకోవాలి.

రెన్యువల్ తేదీ ఒక్కటే చూసి ఊరుకోకండి. రెన్యువల్‌కి ఎన్ని రోజుల ముందు చెప్పాలో కొనేటప్పుడు ఒప్పుకున్న టర్మ్స్‌లోనో ఆర్డర్ ఫామ్‌లోనో ఉంటుంది. కార్డుతో ఆన్‌లైన్‌లో కొన్న చిన్న టూల్స్‌కి చాలాసార్లు ముందు రోజు ఆపినా నడుస్తుంది, సేల్స్ వాళ్ళతో మాట్లాడి సంతకం పెట్టి కొన్న వాటికి 30 రోజులు, 60 రోజులు, ఒక్కోసారి 90 కూడా ఉంటుంది. మీకు అసలు డెడ్‌లైన్ అదే.

అడ్మిన్ ఎవరో ఎలా కనిపెట్టాలి?

తేలికైన దారి ఎవరికీ తట్టదు, ఇప్పటికీ ఆ టూల్ వాడుతున్న వాళ్ళని ఎవర్నైనా కూర్చోబెట్టి లోపల "Members" లేదా "People" పేజీ తెరవమనండి. చాలా టూల్స్‌లో మామూలు యూజర్‌కి కూడా ఎవరి పేరు పక్కన "Owner" ఉందో, ఎవరికి "Admin" ఉందో కనిపిస్తుంది. వెళ్ళిపోయినాయన ఒక్కడే అనుకున్న చోట రెండో అడ్మిన్ ఉన్న సందర్భాలు నేను బోలెడు చూశాను, ఆ రెండో మనిషికి తను అడ్మిన్ అన్న సంగతే తెలీదు పాపం.

కానీ అడ్మిన్ దొరికాడని పని అయిపోయినట్టు కాదు. ఓనర్, అడ్మిన్, బిల్లింగ్ అడ్మిన్ అని చాలా చోట్ల మూడు వేర్వేరు పదవులు. అడ్మిన్ మనుషుల్ని చేర్చగలడు, తీసేయగలడు, కానీ బిల్లింగ్ పేజీ అతనికి కనిపించకపోవచ్చు. బిల్లింగ్ అడ్మిన్‌కి ఇన్వాయిస్‌లు కనిపిస్తాయి, కార్డు మార్చగలడు. మొత్తం ప్లాన్ ఆపడం, ఓనర్‌షిప్ ఇంకొకరికి ఇవ్వడం కొన్ని టూల్స్‌లో ఓనర్ ఒక్కడికే ఉంటుంది. ఎవరి లాగిన్ దొరికినా ముందు "Billing" అనే మాట మెనూలో ఉందా లేదా చూడండి, లేకపోతే ఆ లాగిన్‌తో రెన్యువల్ ఆగదు.

అసలు ఏమేం కొన్నాడో కూడా తెలీదు, ఎలా?

కార్డు స్టేట్‌మెంట్ పన్నెండు నెలలవి తీయాలి, మూడు నెలలవి చాలవు, ఎందుకంటే ఏడాది ప్లాన్ ఒక్కసారే కనిపిస్తుంది. ఫారిన్ కరెన్సీ మార్కప్ అని బ్యాంకు వేసే చిన్న లైన్లు ఉంటాయి కదా, వాటిని పట్టుకుంటే బయటి దేశం సాఫ్ట్‌వేర్లు టకటకా దొరుకుతాయి. పేరు చూసి కంగారుపడకండి, కొన్నింట్లో టూల్ పేరు బదులు అమ్మిపెట్టే మధ్య కంపెనీ పేరు ముందు వస్తుంది. `PADDLE.NET*` అని మొదలైతే అది Paddle ద్వారా కొన్నది, paddle.net కి వెళ్తే కొన్న ఈమెయిల్, కార్డు వివరాలతో ఆ కొనుగోలు వెతకొచ్చు, కాన్సిల్ రిక్వెస్ట్ కూడా అక్కణ్ణుంచే పెట్టొచ్చు. ఓనర్ లాగిన్ లేని వాళ్ళకి ఇది పెద్ద ఊరట.

ఇంకో చిట్కా, మీ డొమైన్ డీఎన్ఎస్‌లో, అంటే మీ వెబ్‌సైట్, మెయిల్ ఎక్కడున్నాయో చెప్పే రికార్డుల్లో, జాడలు మిగిలి ఉంటాయి. కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టండి, మీ డొమైన్ పేరు పెట్టుకుని:

```
nslookup -type=txt example.com
```

`MS=ms` తో మొదలయ్యే లైన్ ఉంటే ఎవరో ఎప్పుడో మీ డొమైన్‌ని మైక్రోసాఫ్ట్‌లో వెరిఫై చేశారు. `atlassian-domain-verification=` ఉంటే అట్లాసియన్, `docusign=` ఉంటే డాక్యుసైన్. `v=spf1` తో మొదలయ్యే SPF లైన్‌లో `include:zoho.in`, `include:mail.zendesk.com` లాంటివి ఉంటే మీ పేరుతో మెయిల్ పంపే టూల్స్ అవి. ఇవి ఇంకా నడుస్తున్నాయని కాదు, ఒకప్పుడు పెట్టారని మాత్రమే, వెతకడానికి దారి దొరికినట్టు.

ఆయన మెయిల్ ఐడీ డిలీట్ చేసేశాం, ఇప్పుడేంటి?

ఎన్నాళ్ళయిందో చూడండి. గూగుల్ వర్క్‌స్పేస్‌లో డిలీట్ చేసిన యూజర్‌ని 20 రోజుల లోపు వెనక్కి తేవచ్చు, మైక్రోసాఫ్ట్ 365 లో 30 రోజులు. ఆ తర్వాత మెయిల్స్ పోయినట్టే. అదే పేరుతో కొత్త ఐడీ పెట్టుకోవచ్చు కదా అంటారు, పెట్టుకోవచ్చు, "Forgot password" మెయిల్ అందుకోవడానికి అది చాలు. కానీ ఆయన "Sign in with Google" నొక్కి చేరి ఉంటే కొన్ని టూల్స్ మనిషిని ఈమెయిల్‌తో కాక గూగుల్ లోపల ఇచ్చే ఐడీతో గుర్తుపడతాయి, కొత్తగా పెట్టిన అకౌంట్‌కి ఆ ఐడీ వేరేగా ఉంటుంది కాబట్టి నువ్వు వేరే మనిషివి అంటాయి. గడువు ఉంటే పాతదాన్నే వెనక్కి తెచ్చుకోండి.

మెయిల్ తెరిచాక `invoice`, `renewal`, `receipt`, `payment failed`, `trial` అని వెతకండి, ఆయన సొంత ఉత్తరాల జోలికి పోకుండా. నేనైతే హెచ్ఆర్ మనిషిని పక్కన కూర్చోబెట్టుకునే తెరుస్తాను, రేపెవరూ మాట అనకుండా.

ఒక కేసు మొత్తం చెప్పరా, తేదీలతో?

కొండాపూర్‌లో ఒక కంపెనీ, పేరు చెప్పను. ప్రాజెక్ట్ పనులు చూసుకునే టూల్ ఒకటి 30 సీట్లకి ఏడాది ప్లాన్ తీసుకున్నారు, సీటుకి నెలకి 650 రూపాయలు. అంటే ఏడాదికి 2,34,000, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 2,76,120. కొన్న అబ్బాయి మార్చి నెలాఖరుకి మానేశాడు. ఏప్రిల్ 24న ఎవరో లైసెన్స్ మిగులుతుందని అతని మెయిల్ ఐడీ డిలీట్ చేశారు. మే 11న అకౌంటెంట్ జూన్ ఖర్చులు అంచనా వేద్దామని పోయినేడు జూన్ లెడ్జర్ తీస్తే ఈ రెండు లక్షల డెబ్బై ఆరు వేలు కనిపించింది. డైరెక్టర్ గారిని అడిగితే "ఏమోనయ్యా, అప్పుడు వాడు ఫోన్ చేసి ఓటీపీ చెప్పమంటే చెప్పాను" అన్నారు. దేనికని అడగలేదు కూడా.

రెన్యువల్ జూన్ 18. టర్మ్స్‌లో 30 రోజుల ముందు చెప్పాలని ఉంది, అంటే మే 19 ఆఖరు. మెయిల్ ఐడీ వెనక్కి తెచ్చుకునే గడువు ఇంకా ముందే, మే 14. చేతిలో మూడు రోజులు.

అదే సాయంత్రం ఆడిటర్ దగ్గర్నుంచి ఇన్వాయిస్ తెప్పించి అందులోని అకౌంట్ నంబర్ వేసి, డైరెక్టర్ మెయిల్ నుంచే మేం రెన్యూ చేసుకోవట్లేదు అని ఒక నోటీసు పంపించాం. మర్నాడు గూగుల్ అడ్మిన్ కన్సోల్‌లో Users లిస్టులో "Recently deleted" ఫిల్టర్ పెట్టి అతన్ని వెనక్కి తెచ్చాం, దానికి ఒక లైసెన్స్ ఖాళీగా ఉండాలి, లేకపోతే కొనాలి. మెయిల్స్ అన్నీ వెంటనే కనిపించలేదు, మర్నాటికి వచ్చాయి. పాస్‌వర్డ్ మార్చి లాగిన్ అవబోతే టూ స్టెప్ కోడ్ అతని ఫోన్‌కి వెళ్తోంది. దానికి అడ్మిన్ కన్సోల్‌లోనే ఆ యూజర్ Security భాగంలో బ్యాకప్ కోడ్లు తీసుకోవచ్చు. మీరేనా అని గూగుల్ ఇంకా అడుగుతుంటే అక్కడే "Login challenge" ని పది నిమిషాలు ఆపే బటన్ ఉంది, అది ఆపి లోపలికి వెళ్ళాం. టూల్‌లోకి గూగుల్ లాగిన్‌తోనే చేరాడు కాబట్టి నేరుగా తెరుచుకుంది.

లోపలికెళ్ళాక ముందు చేసింది ఓనర్‌షిప్ డైరెక్టర్ పేరుకి మార్చడం, తర్వాత ఆటో రెన్యువల్ ఆఫ్ చేసి ఆ పేజీ స్క్రీన్‌షాట్ తేదీతో సహా తీసుకోవడం. మెంబర్స్ పేజీలో చివరిసారి ఎప్పుడు వాడారో చూస్తే నెల రోజుల్లో తెరిచింది 12 మందే. మే 14న వాళ్ళ సపోర్ట్ నుంచి నోటీసు అందిందని జవాబు వచ్చింది. చివరికి టూల్ పూర్తిగా వదల్లేదు, 12 సీట్లకి కొత్తగా తీసుకున్నారు, జీఎస్టీతో కలిపి 1,10,448. మెయిల్ డిలీట్ చేసింది మార్చి నెలాఖర్లో అయ్యుంటే ఆ దారి మూసుకుపోయేది, నోటీసు మాత్రం అప్పటికీ చెల్లేది.

లాగిన్ లేకుండా పంపే నోటీసులో ఏం రాయాలి?

రెండు వేర్వేరు మెయిల్స్ పంపండి, ఒకదాన్లో రెండూ కలిపితే సపోర్ట్ వాళ్ళు దాన్ని లాగిన్ సమస్య అనుకుని ఆ క్యూలో పడేస్తారు. మొదటిది నోటీసు: కంపెనీ పేరు, ఇన్వాయిస్ మీదున్న అకౌంట్ లేదా కస్టమర్ నంబర్, రెన్యువల్ తేదీ, ఆ తేదీ తర్వాత కొనసాగించట్లేదు అనే ఒక్క వాక్యం స్పష్టంగా, అందినట్టు జవాబివ్వమని. టర్మ్స్‌లో నోటీసు పంపాల్సిన అడ్రస్ వేరుగా ఇచ్చి ఉంటే దానికే పంపాలి, చాట్‌లో చెప్తే లెక్కలోకి రాకపోవచ్చు.

రెండోది అడ్మిన్ మార్పు: కొన్న మనిషి పేరు, ఈమెయిల్, మానేసిన తేదీ, కొత్తగా ఎవరికి ఇవ్వాలో, ఆఖరి ఇన్వాయిస్ నంబర్, కార్డు చివరి నాలుగు అంకెలు. కంపెనీ లెటర్‌హెడ్ మీద డైరెక్టర్ సంతకంతో ఉత్తరం, జీఎస్టీ సర్టిఫికెట్ జత చేస్తే తొందరగా కదులుతుంది. కార్డు పూర్తి నంబర్ ఎవరడిగినా ఇవ్వొద్దు.

ఇంత ఎందుకు, కార్డు బ్లాక్ చేస్తే పోదా?

నెలనెలా కట్టే చిన్న టూల్ అయితే నిజంగానే చాలాసార్లు పోతుంది. ఏడాది కాంట్రాక్ట్ అయితే పోదు, డబ్బు కట్ అవలేదంతే, బాకీ అలాగే ఉంటుంది, ఇన్వాయిస్ వస్తుంది, రిమైండర్లు ఎవరూ చూడని పాత మెయిల్‌కి పోతూ ఉంటాయి.

మన దగ్గర ఆర్‌బీఐ రూల్ ఒకటి సాయపడుతుంది. 2021 అక్టోబర్ నుంచి కార్డు మీద ఆటోమేటిక్‌గా కట్ అయ్యే వాటికి కనీసం 24 గంటల ముందు బ్యాంకు మెసేజ్ పంపాలి, ఆ మెసేజ్ నుంచే ఆ కట్‌ని గానీ, ఆటోమేటిక్‌గా కట్ చేసుకోమని ఇచ్చిన మొత్తం అనుమతిని, అంటే మాండేట్‌ని గానీ వద్దనొచ్చు. 15,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ కావాలి. అయితే ఆ మెసేజ్ వెళ్ళేది కార్డు మీద రిజిస్టర్ అయిన నంబర్‌కి, కార్డు ఆ ఉద్యోగి పేరున తీసుంటే అతని ఫోన్‌కే పోతుంది, కాబట్టి బ్యాంకులో నంబర్ మార్పించండి. యూపీఐ ఆటోపే అయితే కట్టిన యాప్‌లోనే ఆటోపే లిస్టు ఉంటుంది, అక్కడ రద్దు చేయాలి. మాండేట్ ఆపడం నోటీసుకి తోడు, దాని బదులు కాదు.

పర్సనల్ జీమెయిల్‌తో కొన్నాడండీ, మరి?

అది అతని అకౌంట్, పాస్‌వర్డ్ తెలిసినా తెరవొద్దు, అనుమతి లేకుండా వేరేవాళ్ళ అకౌంట్లోకి వెళ్ళడం ఐటీ చట్టం 43, 66 సెక్షన్ల కిందికి వచ్చే వ్యవహారం. అతన్నే అడిగి ఓనర్‌షిప్ మార్పించుకోండి. అతను పలక్కపోతే డబ్బు కట్టింది కంపెనీ అన్న రుజువుతో, ఇన్వాయిస్ కంపెనీ పేరు మీద ఉంటే మరీ మంచిది, వెండర్‌కి రాయాలి. ఇన్వాయిస్ కూడా అతని పేరు మీదే ఉంటే వెండర్ దృష్టిలో కస్టమర్ అతనే, అప్పుడు చేయగలిగింది కార్డు మాండేట్ ఆపి కొత్త అకౌంట్ తెరుచుకోవడం.

మెయిల్ సిస్టమ్‌కే అతను ఏకైక అడ్మిన్, అప్పుడు?

గూగుల్ అయితే toolbox.googleapps.com/apps/recovery లో రికవరీ ఫామ్ ఉంది, డొమైన్ మీదే అని నిరూపించడానికి డీఎన్ఎస్‌లో వాళ్ళిచ్చే రికార్డ్ పెట్టాలి. మైక్రోసాఫ్ట్‌లో సపోర్ట్‌కి ఫోన్ చేసి అడ్మిన్ ఉద్యోగం మానేశాడని చెప్తే వాళ్ళ డేటా ప్రొటెక్షన్ టీమ్‌కి పంపిస్తారు, వెరిఫికేషన్ అయ్యాకే రీసెట్ చేస్తారు, ఓపిక పట్టాలి. గూగుల్‌లో అయితే డీఎన్ఎస్ తాళం మీ దగ్గర ఉండి తీరాలి. డీఎన్ఎస్ ఎక్కడుందో తెలీకపోతే:

```
nslookup -type=ns example.com
```

వచ్చిన పేర్లు చూస్తే ఏ కంపెనీ దగ్గర ఉందో తెలిసిపోతుంది. డొమైన్ అకౌంట్ కూడా అతని పేరు మీదే ఉంటే మిగతావన్నీ పక్కనపెట్టి ముందు డొమైన్ తెచ్చుకోండి, అది లేకపోతే గూగుల్ రికవరీ కదలదు.

లాగిన్ దొరికింది, కానీ కాన్సిల్ బటనే లేదు.

అమీర్‌పేటలోనో సికింద్రాబాద్‌లోనో ఉన్న రీసెల్లర్ దగ్గర కొనుంటారు. అప్పుడు సీట్లు తగ్గించడం, రెన్యువల్ ఆపడం ఆ రీసెల్లర్ చేతిలో ఉంటుంది, ఇన్వాయిస్ మీద సాఫ్ట్‌వేర్ కంపెనీ పేరు కాక వీళ్ళ పేరు ఉందంటే ఇదే సంగతి. ఫోన్‌లో "అట్లాగే సార్, చేసేస్తాం" అన్నా మెయిల్‌లో రాయించుకోండి. మైక్రోసాఫ్ట్ 365 నేరుగా కొన్నదైతే Billing > Your products లో ఆ ప్లాన్ తెరిచి "Edit recurring billing" నొక్కి ఆఫ్ పెట్టొచ్చు, ఉన్న టర్మ్ అయ్యేదాకా అందరికీ పనిచేస్తుంది, అయ్యాక ఆగిపోతుంది.

డబ్బులు ఆల్రెడీ కట్ అయిపోయాయి.

ఆ రోజే రాయండి, మొదటి కొన్ని రోజుల్లో అడిగితే వెనక్కిచ్చే వాళ్ళు ఉన్నారు. మైక్రోసాఫ్ట్‌లో కొన్న లేదా రెన్యూ అయిన 7 రోజుల లోపు కాన్సిల్ చేస్తే వాడిన రోజులు పోను మిగతాది వస్తుంది, దాటితే చాలా ప్లాన్లకి రాదు. గడువు దాటితే రీఫండ్ బదులు సీట్లు తగ్గించి మిగిలింది క్రెడిట్‌గా ఇవ్వమని అడగండి, రీఫండ్ కుదరదన్న వాళ్ళు కూడా దీనికి ఒప్పుకోవచ్చు. బ్యాంకులో డిస్ప్యూట్ వేయడం ఆఖరి మాట, వేసిన వెంటనే వాళ్ళు అకౌంట్ ఆపేస్తే మీ డేటా లోపలే ఇరుక్కుంటుంది, కాబట్టి ముందు ఎక్స్‌పోర్ట్ తీసుకుని వేయండి.

వెళ్ళిపోయినాయనకి ఫోన్ చేయడానికి మొహమాటంగా ఉంది.

చేసేయండి, మంచిగా మానేసినవాళ్ళయితే పది నిమిషాల్లో తేలిపోతుంది. పాస్‌వర్డ్ అడగొద్దు, అది అడిగితే ఎవరైనా బిగుసుకుంటారు. ఏయే టూల్స్ కొన్నావ్, ఏ ఈమెయిల్‌తో, టూ స్టెప్ కోడ్ నీ ఫోన్‌లో ఇంకా ఉందా, ఈ మూడే అడగండి. కొండాపూర్ అబ్బాయికి కూడా తర్వాత ఫోన్ చేశాం, "అయ్యో అన్నా, ఇంకో రెండున్నాయి, డిజైన్‌ది ఆగస్టులో వస్తది" అని తనే చెప్పాడు, ఆ రెండూ మా లిస్టులో లేవు.